పొద్దున్న నొప్పా, మింగితే నొప్పా?

జనవరి రెండో వారం. సాయంత్రం ఆరున్నర దాటింది, క్లినిక్‌లో ఇంకా నలుగురు కూర్చుని ఉన్నారు. అక్క ఫోన్. నేను ఎత్తేలోపే కట్ చేసి మళ్లీ చేసింది. అలా చేసిందంటే సంగతి పిల్లాడిదేనని నాకు తెలుసు.

"తమ్ముడూ, వాడికి గొంతు నొప్పట. మూడు రోజులైందట, ఇప్పుడు చెబుతున్నాడు. నేను పెట్టెలో సర్ది పంపిన అజిత్రోమైసిన్ మాత్రలున్నాయి కదా, ఇవాళే మొదలుపెట్టెయ్యమన్నాను. సరేనా?"

మా మేనల్లుడు ఆగస్టులో మినియాపోలిస్ వెళ్లాడు, ఎం.ఎస్. చదవడానికి. రాజమండ్రిలో పుట్టి పెరిగిన కుర్రాడు. వాడెరిగిన చలి ధనుర్మాసంలో తెల్లవారుజామున గోదారి గట్టు మీద పట్టే మంచు, అంతే. మినియాపోలిస్‌లో ఆ రోజు మైనస్ 20 డిగ్రీలు. మనకు సాయంత్రం ఆరున్నర అంటే వాడికి అప్పుడే పొద్దున ఏడు. నిద్ర లేస్తూనే తల్లికి ఫోన్ చేశాడన్నమాట.

నేను చెవి ముక్కు గొంతు డాక్టర్ని. గొంతు నొప్పి అనే మాట రోజుకు పాతికసార్లు వింటాను. ఎంత నొప్పి అని అడిగితే పెద్దగా ఏమీ తెలియదు. ఓర్చుకునేవాళ్లు కొంచెమే అంటారు, ఓర్చుకోలేనివాళ్లు ప్రాణం పోతోందంటారు. ఏ వేళప్పుడు నొప్పి అని అడిగితే మాత్రం చాలా తెలుస్తుంది. అందుకే మాత్ర వేసుకోవద్దని చెప్పు, నేను మాట్లాడతాను అని అక్కకు చెప్పి వాడికి ఫోన్ చేశాను.

"ఎప్పుడు ఎక్కువగా ఉందిరా?"

"లేచేసరికి మామయ్యా. గొంతులో ఇసక పోసినట్టుంటోంది. కాఫీ తాగాక కొంచెం నయం. మధ్యాహ్నానికి అసలు గుర్తే ఉండదు. మళ్లీ పొద్దున మామూలే."

"జ్వరం?" లేదు. "దగ్గు?" లేదు. "ముక్కు?" రాత్రిళ్లు మూసుకుపోతోంది, పొద్దున ముక్కు చీదితే ఒకటి రెండు సార్లు ఎర్రటి చార కనబడింది. "తలుపు పిడి ముట్టుకుంటే చిటుక్కుమని షాక్ కొడుతోందా?"

అవతల ఒక్క క్షణం నిశ్శబ్దం. "అవును మామయ్యా! నీకెలా తెలుసు? దుప్పటి లాగితే చీకట్లో నిప్పురవ్వలు కూడా కనిపిస్తున్నాయి."

గాలి బాగా పొడిబారితేనే అలా షాక్ కొడుతుంది. తేమ ఉన్న గాలిలో ఒంటి మీద చేరిన విద్యుదావేశం ఎప్పటికప్పుడు జారిపోతుంది. తేమ లేనప్పుడు పోగుపడి, లోహం తగలగానే ఒక్కసారిగా దూకుతుంది. పొద్దున నొప్పి, మధ్యాహ్నానికి మాయం, జ్వరం లేదు, తలుపు పిడి షాక్ కొడుతోంది. ఈ నాలుగు మాటలతో ఆ గొంతులో ఏం జరుగుతోందో నాకు చాలావరకు అర్థమైంది. అక్కడ సూక్ష్మజీవి పని ఏమీ కనిపించలేదు, ఆ గది గాలే వాడి గొంతును ఎండబెడుతోంది.

చల్లటి గాలి నీటి ఆవిరిని పట్టి ఉంచలేదు. మైనస్ 20 డిగ్రీల దగ్గర ఒక ఘనమీటరు గాలి, అంటే మన పెద్ద బీరువా అంత చోటులో ఉండే గాలి, ఎంత నిండుగా తేమ పట్టినా దానిలో ఉండేది సుమారు ఒక్క గ్రాము నీరే. వాతావరణ సూచనలో ఆ రోజు తేమ ఎనభై, తొంభై శాతమని రాసి ఉన్నా అది ఆ ఒక్క గ్రాములో తొంభై శాతం. ఆ గాలే కిటికీ సందుల్లోంచి లోపలికి వస్తుంది. హీటర్ దాన్ని 22 డిగ్రీలకు వేడి చేస్తుంది. 22 డిగ్రీల గాలి ఘనమీటరుకు 19 గ్రాములకు పైగా నీటిని మోయగలదు. దాని దగ్గర ఉన్నది మాత్రం అదే ఒక్క గ్రాము. అంటే అయిదు శాతం తేమ. మనిషి ఊపిరి, స్నానం, అన్నం వండినప్పుడు కుక్కర్ వదిలే ఆవిరి కలిసి ఇంకాస్త పెంచుతాయి. మావాడు ఆ తరవాత తేమ కొలిచే చిన్న మీటరు కొని మంచం పక్కన పెట్టాడు. అందులో 14 అని కనిపించింది. మండువేసవి వడగాల్పుల్లో మన దగ్గర మిట్టమధ్యాహ్నం ఉండే పొడితనం అది. తేడా ఏమిటంటే మనకది మధ్యాహ్నం కాసేపు ఉండి పోతుంది, వాడు మాత్రం నవంబరు నుంచీ రాత్రీ పగలూ ఆ గాలిలోనే ఉంటున్నాడు.

ఊపిరితిత్తులు అలాంటి గాలిని ఒప్పుకోవు. లోపలికి పోయే ప్రతి ఊపిరీ వాటిని చేరేసరికి 37 డిగ్రీల వేడితో, పూర్తి తేమతో ఉండాలి. ఆ వేడి దగ్గర పూర్తి తేమ అంటే ఘనమీటరుకు 44 గ్రాములు. మావాడి గది గాలిలో ఉన్నది మూడు గ్రాముల లోపు. మిగతా 41 గ్రాములూ ముక్కు, గొంతు లోపలి పొరలు తమ ఒంట్లోంచి తీసి ఇవ్వాల్సిందే. నిద్రపోతున్న మనిషి నిమిషానికి సుమారు ఏడు లీటర్ల గాలి పీలుస్తాడనుకుంటే ఎనిమిది గంటల నిద్రలో మూడు ఘనమీటర్లకు పైనే అవుతుంది. లెక్క వేస్తే రాత్రికి 140 గ్రాముల దాకా నీరు, దాదాపు టీ గ్లాసున్నర. అదే రాజమండ్రిలో జనవరి రాత్రి అయితే బయటి గాలే ఘనమీటరుకు పదిహేను గ్రాముల దాకా తెస్తుంది కాబట్టి గొంతు మీద పడే భారం వంద గ్రాముల లోపే ఉంటుంది.

ముక్కు తెరిచి ఉన్నంతసేపూ ఈ పని చక్కగా సాగుతుంది. ముక్కు లోపల చుట్టల్లాంటి మెత్తటి మడతలు ఉంటాయి, వాటినిండా రక్తనాళాలే. పీల్చేటప్పుడు గాలికి తేమనిస్తాయి, వదిలేటప్పుడు చల్లబడి ఉంటాయి కాబట్టి ఆ తేమలో కొంత భాగాన్ని తిరిగి పట్టుకుంటాయి. పొడిగాలికి ముక్కు ఎండి, లోపల వాచి మూసుకుపోయిందా, మనిషి తెలియకుండానే నోరు తెరుస్తాడు. అప్పుడా పనంతా గొంతు మీద పడుతుంది. గొంతులో ఆ మడతలు లేవు. పైగా నిద్రలో లాలాజలం ఊరడం దాదాపు ఆగిపోతుంది, మింగడమూ తగ్గుతుంది. తడిపే నాథుడు లేక గొంతు వెనక గోడ మీది జిగురు పొర ఎండి, అట్టకట్టి, కింద ఉన్న నరాల కొసలు బయటపడ్డట్టు అవుతాయి. పొద్దున మొదటి గుటక ఇసక మింగినట్టు ఉండేది అందుకే. కాఫీ తాగి, నాలుగు మాటలు మాట్లాడి, పది గుటకలు పడేసరికి పొర మళ్లీ తడుస్తుంది. మధ్యాహ్నానికి నొప్పి గుర్తుండదు. సూక్ష్మజీవి పట్టిన గొంతు కూడా పొద్దున కొంచెం ఎక్కువ నొప్పి పెట్టవచ్చు కానీ మధ్యాహ్నానికి ఇలా పూర్తిగా వదిలిపెట్టదు.

ఇదంతా వాడికి చెప్పాక వాడు అడిగింది ఒకటే. "అయితే మామయ్యా, హీటర్ మీద గిన్నెలో నీళ్లు పెట్టనా? ఇక్కడ సీనియర్లు అదే చెబుతున్నారు."

ఇంజనీరింగ్ చదివేవాడు కాబట్టి వాడి చేతే లెక్క వేయించాను. గది పన్నెండు అడుగులకు పది, ఎత్తు ఎనిమిది. అంటే 27 ఘనమీటర్లు. తేమ 14 శాతం నుంచి 30 శాతానికి రావాలంటే ఘనమీటరుకు మూడు గ్రాముల చొప్పున ఎనభై గ్రాములు కావాలి. అంతటితో అయిపోదు. ఇంటి సందుల్లోంచి గాలి మారుతూనే ఉంటుంది. గంటకు సగం గాలి మారుతుందనుకుంటే గంటకు నలభై గ్రాములు పోస్తూనే ఉండాలి. ఎనిమిది గంటలకు అన్నీ కలిపి నాలుగు వందల గ్రాముల పైమాటే. బల్ల మీద పెట్టిన గిన్నెలోంచి గంటకు ఆవిరయ్యేది నాలుగైదు గ్రాములు. హీటర్ మీద పెడితే ఇంకొంచెం ఎక్కువ, అయినా ఏ మూలకీ చాలదు. తడిపి పిండిన పెద్ద స్నానపు తువ్వాలు అయితే అర లీటరు దాకా నీరు పట్టి ఉంచుతుంది, రెండు వైపులా కలిపి రెండు చదరపు మీటర్ల మేర ఆరుతుంది. పడుకునే ముందు కుర్చీ మీద ఒకటి ఆరేస్తే సరిగ్గా ఆ గది ఆకలికి సరిపోతుంది. అక్క ఈ మాట వినగానే, "మన చిన్నప్పుడు వేసవిలో కిటికీలకు వట్టివేళ్ల తడికలు కట్టి నీళ్లు చల్లేవాళ్లం కదా, అదేగా" అంది. అదే. అప్పుడు చల్లదనం కోసం చేశాం, ఇప్పుడు తేమ కోసం.

ముప్పై శాతమే ఎందుకు, యాభై చేసుకుంటే ఏం పోయింది అంటే, కిటికీ ఒప్పుకోదు. బయట మైనస్ 20 ఉన్నప్పుడు అద్దం లోపలి వైపు కూడా మంచులా చల్లగా ఉంటుంది. గదిలో తేమ పెంచేకొద్దీ అది అద్దం మీద నీరై కారి, చట్రం దగ్గర బూజు పడుతుంది. బూజు పట్టిన గది గొంతుకు ఇంకో బాధ. అద్దం అంచున నీటి బొట్లు కనబడితే తేమ ఎక్కువైందని గుర్తు. తేమ పెంచే యంత్రం కొంటే దాని తొట్టి రోజూ కడగాలి, లేకపోతే దానిలో పెరిగిన పాచిని, సూక్ష్మజీవులను అది గాలిలోకి ఎగజిమ్ముతుంది.

ఉప్పునీళ్ల సంగతి అక్క అడిగింది. తప్పకుండా పుక్కిలించమన్నాను. గ్లాసు గోరువెచ్చటి నీటికి అర టీస్పూన్ ఉప్పు. మన కణాల్లో ఉండే ఉప్పదనం కంటే అది ఒక రవ్వ ఎక్కువ, కాబట్టి వాచిన పొరలోంచి కొంత నీరు బయటికి లాగుతుంది, అట్టకట్టిన జిగురును వదులు చేస్తుంది. తేనె గొంతు మీద పూతలా నిలుస్తుంది. మిరియాల పాలు తాగితే వెచ్చగా గొంతు తడుస్తుంది, ఉమ్మి ఊరుతుంది. నేనూ తాగుతాను. ఆవిరి పట్టడం మాత్రం వద్దన్నాను. ఇరుకు గదిలో, మంచం మీద మరిగే నీళ్ల గిన్నె పెట్టుకుని తొడలు కాల్చుకున్న కుర్రాళ్లను చూశాను.

నాలుగు రోజుల్లో వాడి గొంతు తేరుకుంది. అజిత్రోమైసిన్ స్ట్రిప్ పెట్టెలోనే ఉండిపోయింది.

రెండో ఫోన్ ఫిబ్రవరి మొదట్లో వచ్చింది. ఈసారి వాడే నేరుగా నాకు చేశాడు, అమ్మకు చెప్పొద్దు కంగారు పడుతుంది అంటూ. గొంతు వినగానే ఇది వేరే రకమని అనిపించింది. "నిన్న మధ్యాహ్నం దాకా బాగానే ఉన్నాను మామయ్యా. సాయంత్రానికి ఒళ్లు కాలిపోయింది. ఉమ్మి మింగాలన్నా గాజుపెంకులు మింగినట్టుంది."

"తువ్వాలు ఆరేస్తున్నావా?" ఆరేస్తున్నాడు, మీటరులో 31 ఉంది. పొద్దున, మధ్యాహ్నం, రాత్రి నొప్పి ఒకేలా ఉంది. మింగిన ప్రతిసారీ పెరుగుతోంది. తేమ లేని గొంతు మొదటి గుటకకు నొప్పిపెట్టి పదో గుటకకు తగ్గుతుంది. ఇక్కడ పదో గుటకకూ అంతే నొప్పి.

గొంతు నొప్పితో వచ్చే పెద్దవాళ్లలో ఎక్కువమందికి కారణం వైరస్‌లే. వందలో ఓ అయిదు నుంచి పదిహేను మందిలో మాత్రం స్ట్రెప్టోకాకస్ అనే బాక్టీరియా ఉంటుంది. యాంటీబయాటిక్ పనికొచ్చేది ప్రధానంగా ఆ కొద్దిమందికే. వాళ్లను ఎలా ఏరాలి? 1981లో రాబర్ట్ సెంటర్ అనే అమెరికన్ వైద్యుడు, ఆయన సహచరులు అత్యవసర విభాగానికి గొంతు నొప్పితో వచ్చిన పెద్దవాళ్లను పరిశీలించి నాలుగు గుర్తులు తేల్చారు. జ్వరం ఉండటం, దగ్గు లేకపోవడం, మెడ ముందువైపు బిళ్లలు వాచి నొక్కితే నొప్పి పెట్టడం, టాన్సిల్స్ మీద తెల్లటి పొర లేదా చుక్కలు. ఒక్కటీ లేనివాళ్లలో స్ట్రెప్ దొరికింది వందలో ఇద్దరు ముగ్గురికే. నాలుగూ ఉన్నవాళ్లలో కూడా 56 శాతం మందికే. అంటే నాలుగు గుర్తులూ కళ్లెదుట ఉన్నా కేవలం చూసి చెబితే దాదాపు సగంసార్లు తప్పుతాం. ముప్పై ఏళ్లుగా గొంతులు చూస్తున్న నాకూ ఇది వర్తిస్తుంది. కాబట్టి ఈ గుర్తులతో ఎవరికి పరీక్ష చేయించాలో తేల్చుకోవాలి, మందు సంగతి ఆ పరీక్షే చెబుతుంది.

దగ్గు ఉంటే స్ట్రెప్ కాకపోవచ్చనడం చాలామందికి వింతగా ఉంటుంది. జలుబు వైరస్‌లు ముక్కు, గొంతు, శ్వాసనాళం అంతటా పాకుతాయి. అందుకే ముక్కు కారడం, దగ్గు, గొంతు బొంగురుపోవడం కలిసి వస్తాయి. స్ట్రెప్ టాన్సిల్స్ దగ్గరే తిష్ట వేస్తుంది. ముక్కు కారుతూ, దగ్గుతూ గొంతు నొప్పి అంటున్నవాడికి జలుబు చేసిందని ఫోన్లోనే చాలావరకు చెప్పవచ్చు.

వీడియో కాల్ చెయ్యమన్నాను. కిటికీ వైపు తిరిగి, ఇంకో ఫోన్ టార్చ్ వేసి, నోరు తెరిచి ఆ... అనమన్నాను. నాలుక చెంచా వెనక వైపుతో నొక్కించాను. కొండనాలుకకు రెండు పక్కలా టాన్సిల్స్ ఎర్రగా ఉబ్బి, వాటి మీద పెరుగు మరకల్లాంటి తెల్లటి చుక్కలు. దవడ కింద, మెడ ముందువైపు వేళ్లతో నొక్కుకోమన్నాను. "అబ్బా" అన్నాడు. థర్మామీటర్ ఉందా అంటే లేదన్నాడు. అక్క ఆ పెట్టెలో ఆవకాయ నుంచి అజిత్రోమైసిన్ దాకా సర్దింది, థర్మామీటర్ మరిచిపోయింది. పక్కగది అబ్బాయి దగ్గర దొరికింది. 101.5. దగ్గు లేదు. నాలుగుకు నాలుగూ ఉన్నాయి.

ఇంకో మాట అడిగాను, ఏమైనా మాత్ర వేసుకున్నావా అని. ఇంటి నుంచి తెచ్చుకున్న పారాసిటమాల్ 650 మూడుసార్లు వేసుకున్నాడట. దాంతోపాటు అక్కడి దుకాణంలో కొన్న జలుబు మందు కూడా, ఆరు గంటలకోసారి. ఆ సీసా మీద ఏం రాసి ఉందో చదవమన్నాను. అసిటమినోఫెన్ అని చదివాడు. నా గుండె గుభేల్‌మంది. మనం పారాసిటమాల్ అనేదాన్నే అమెరికాలో అసిటమినోఫెన్ అంటారు. పేరు వేరు, మందు ఒకటే. అక్కడ జలుబుకు, ఫ్లూకు, రాత్రి నిద్రకు అని అమ్మే చాలా మిశ్రమ మందుల్లో అది కలిసి ఉంటుంది. ఆరోగ్యవంతుడైన పెద్దవాడికి ఇరవై నాలుగు గంటల్లో అన్ని రూపాల్లో కలిపి నాలుగు గ్రాములు దాటకూడదు, దాటితే కాలేయం దెబ్బతింటుంది. మొదటిరోజు పెద్దగా లక్షణాలేవీ కనిపించకపోవచ్చు కూడా, ప్రమాదం అక్కడే ఉంది. కూడి చూస్తే అదృష్టవశాత్తూ హద్దులోపే ఉంది. సీసా పక్కన పెట్టించాను. గొంతు నొప్పి కంటే నన్ను భయపెట్టింది ఆ సీసాయే.

యూనివర్సిటీలో విద్యార్థుల ఆరోగ్య కేంద్రం ఉంది. దాని రుసుము ఫీజుతో పాటే కట్టాడు, అయినా వెళితే ఎంత బిల్లు వేస్తారోనని జంకుతున్నాడు. ముందు ఫోన్ చేసి అడగమన్నాను, అడిగాడు, వెళ్లాడు. అక్కడ నర్సు పొడవాటి దూదిపుల్లతో రెండు టాన్సిల్స్‌నీ, వెనక గోడనీ గట్టిగా రుద్దింది. కక్కొచ్చినట్టయిందన్నాడు. అలా అయితేనే సరిగ్గా తీసినట్టు. నాలుకకో బుగ్గకో తాకించి తీస్తే బాక్టీరియా ఉన్నా చిక్కదు. పుల్లను ఒక ద్రవంలో ముంచితే బాక్టీరియా గోడలోని ఒక చక్కెర పదార్థం విడివడుతుంది. దాన్ని పట్టుకునే పట్టీ మీద అయిదు, పది నిమిషాల్లో గీత పడుతుంది. గీత పడితే దాదాపు నమ్మవచ్చు. పడకపోతే మాత్రం స్ట్రెప్ ఉన్న వందమందిలో పదిహేను మందిని అది వదిలేసి ఉండవచ్చు. అందుకే పిల్లల్లో గీత పడనప్పుడు కల్చర్ కూడా చేస్తారు.

వాడికి గీత పడింది. అమాక్సిసిలిన్, రోజుకు రెండుసార్లు, పది రోజులు.

"అమ్మ ఇచ్చిన అజిత్రోమైసిన్ మూడు రోజులేగా, అది వేసుకుంటే పోదా?" అని అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. ఈ బాక్టీరియా ఇన్ని దశాబ్దాల్లో రోగుల్లో పెన్సిలిన్‌కు లొంగకుండా పోయిన దాఖలా లేదు. అమాక్సిసిలిన్ ఆ కుటుంబానిదే. అజిత్రోమైసిన్‌కు లొంగని స్ట్రెప్ మాత్రం చాలా దేశాల్లో కనిపిస్తోంది. పెన్సిలిన్ పడనివాళ్ల కోసం దాచుకోవాల్సిన మందు అది. జనవరిలో పొడిబారిన గొంతుకు దాన్ని మింగి ఉంటే, నాలుగు రోజుల్లో తువ్వాలు చేసిన మేలు మాత్ర ఖాతాలో పడేది. వాడి ఒంట్లోని మామూలు బాక్టీరియా ఆ మందుకు అలవాటు పడేది. ఫిబ్రవరిలో మళ్లీ అదే మింగి, పరీక్షకు వెళ్లకుండా కూర్చునేవాడు.

పది రోజుల లెక్క వెనక ఇంకో చలికాలం కథ ఉంది. అమెరికాలో వయోమింగ్ రాష్ట్రంలోని వారెన్ వైమానిక స్థావరంలో స్ట్రెప్ గొంతు నొప్పులు, వాటి వెంట కీళ్లవాత జ్వరాలు విపరీతంగా వచ్చేవి. 1949లో మొదలుపెట్టి అక్కడి వైద్యులు దాదాపు 800 మంది సైనికులకు పెన్సిలిన్ ఇచ్చారు, అంతే మందికి ఇవ్వలేదు. ఇవ్వనివాళ్లలో 17 మందికి కీళ్లవాత జ్వరం వచ్చింది, ఇచ్చినవాళ్లలో ఇద్దరికి. స్ట్రెప్ గొంతుతో వచ్చే మామూలు జ్వరమైతే యాంటీబయాటిక్ లేకపోయినా మూడు నుంచి అయిదు రోజుల్లో తగ్గుతుంది, మందు దాన్ని ఓ రోజు ముందుకు జరుపుతుంది, అంతే. గొంతులోంచి బాక్టీరియాను పూర్తిగా తుడిచిపెట్టడానికే పది రోజులు. అది మిగిలిపోతే దాని మీదికి శరీరం తయారుచేసిన ఆయుధాలు, పోలికలు కలిసే మన గుండె కవాటాల మీద కూడా పడతాయి.

ఇరవై మూడేళ్లవాడికి, అందులోనూ అమెరికాలో, ఆ ముప్పు చాలా తక్కువని వాడికి నిజమే చెప్పాను. అది ఎక్కువగా అయిదు నుంచి పదిహేనేళ్ల పిల్లలకు, ఇరుకిళ్లలో పెరిగే పిల్లలకు వస్తుంది. మన ఊళ్లలో ముప్పై ఏళ్లకే మెట్లెక్కలేక ఆయాసపడుతూ, కవాటం మార్చాలని చెప్పించుకునే ఆడవాళ్లను చూస్తుంటాం. వాళ్లలో ఎందరో చిన్నప్పుడు గొంతు నొప్పి వచ్చి తగ్గిందన్న సంగతి కూడా గుర్తులేనివాళ్లు. వాడికి మాత్రం మందు వల్ల వెంటనే కలిగే మేలు వేరే ఉంది. ఒక రోజు గడిచాక పక్కగదివాళ్లకు అంటదు, టాన్సిల్ వెనక చీము పట్టే అవకాశం తగ్గుతుంది.

ఆ చీము సంగతి ఫోన్లోనే చెవికి తెలుస్తుంది. వేడి అన్నం ముద్ద నోట్లో పెట్టుకుని మాట్లాడుతున్నట్టు గొంతు ముద్దగా వస్తుంది. నొప్పి ఒక పక్కకే చేరుతుంది, నోరు రెండు వేళ్ల మందం కూడా తెరుచుకోదు, ఉమ్మి మింగలేక కారిపోతుంది. అలాంటి గొంతు విన్నా, ఊపిరి పీలిస్తే ఈల వేసినట్టు శబ్దం వస్తున్నా మాటలు ఆపి అత్యవసర విభాగానికి పంపాలి. ఇంకో రకం కూడా ఉంది. హాస్టళ్లలో ఉండే ఈ వయసువాళ్లకు ఎప్‌స్టీన్-బార్ వైరస్ వల్ల అచ్చం స్ట్రెప్‌లాగే తెల్లటి పొరతో గొంతు నొప్పి వస్తుంది, మెడ వెనక కూడా బిళ్లలు కడతాయి, నీరసం వారాల తరబడి వదలదు. అందులో అమాక్సిసిలిన్ వేస్తే చాలామందికి ఒళ్లంతా దద్దుర్లు వస్తాయి. పరీక్ష చేయించకుండా మాత్ర మింగితే చిక్కుకునేది ఇలాంటి చోటే.

మూడో రోజుకు వాడి జ్వరం పోయింది. పదో రోజు రాత్రి ఖాళీ సీసా ఫోటో తీసి నాకూ, వాళ్లమ్మకూ పంపాడు. అక్క ఆ ఫోటో చూశాకే ఈ కథంతా విని, ముందు నన్ను తిట్టి, తరవాత అడిగింది, ఈసారి ఎవరైనా వెళుతుంటే ఏం పంపమంటావు అని.

ఈ ఆగస్టులో మీ పిల్లలు బయల్దేరుతుంటే నేను అక్కకు చెప్పిందే మీకూ చెబుతున్నాను. పెట్టెలోంచి ఆ యాంటీబయాటిక్ స్ట్రిప్ తీసేయండి. ఆ చోట ఒక థర్మామీటర్, ఒక పెద్ద తువ్వాలు పెట్టండి. పారాసిటమాల్ పెడితే దాని మీద అసిటమినోఫెన్ అన్నా ఇదే అని పెన్నుతో రాసి పెట్టండి.